మేనేజరు గారి గురించి మర్యాదగా చెబితే జపనీస్‌లో తప్పెలా అయింది?

ప్రశ్న: "జపనీస్ కంపెనీలో చేరి భాష నేర్చుకుంటున్నాను. క్లయింట్ ఒకాయన ఫోన్ చేసి మా మేనేజరు గారు ఉన్నారా అని అడిగితే, పుస్తకంలో నేర్చుకున్న గౌరవ రూపాలు వాడి లేరని చెప్పాను. ఫోన్ పెట్టేశాక పక్క సీటు ఆవిడ, అలా అనకూడదు, ఆయన పేరు పక్కన మన 'గారు' లాంటి 'సాన్' కూడా పెట్టకూడదు అన్నారు. నువ్వు, మీరు తేడా పుట్టినప్పటి నుంచి తెలిసిన మనకి ఇది ఎందుకింత కష్టం? ఎవరికి ఎప్పుడు గౌరవం ఇవ్వాలో తేల్చుకునే పద్ధతి ఏమైనా ఉందా?"

పద్ధతి ఉందండి. నోరు తెరిచే ముందు రెండు ప్రశ్నలు విడివిడిగా వేసుకోవాలి: ఎవరితో మాట్లాడుతున్నాను, ఎవరి గురించి మాట్లాడుతున్నాను. రెండో ప్రశ్నకు జవాబు ఆ మనిషి ఎంత పెద్దవారన్నదాన్ని బట్టి రాదు. వింటున్నవారి ముందు ఆయన మీ వైపు మనిషా, వాళ్ల వైపు మనిషా అన్నదాన్ని బట్టి వస్తుంది. బయటి కంపెనీ వారితో మాట్లాడుతున్నంతసేపూ మీ మేనేజరు మీ వైపు మనిషి. "నేను విచ్చేశాను" అని మీ గురించి మీరు చెప్పుకోరు కదా, అప్పుడు ఆయన గురించి కూడా అలా చెప్పకూడదు. పక్క సీటు ఆవిడ సరిగ్గానే చెప్పారు.

నేను తెలుగువాళ్లకు జపనీస్ నేర్పుతాను, అప్పుడప్పుడు మీటింగుల్లో దుబాసీగా కూర్చుంటాను. మనవాళ్లు మర్యాద తక్కువై తప్పు చేయడం నేను పెద్దగా చూడలేదు. ఇవ్వకూడని చోట ఇచ్చి తప్పు చేస్తారు. దానికి కారణం తెలుగులోనే ఉంది కాబట్టి ముందు అక్కడి నుంచి వస్తాను.

తెలుగులో గౌరవం రెండు చోట్ల ఉంటుంది

గౌరవం అనగానే మనకు నువ్వు, మీరు గుర్తొస్తాయి. కానీ ఈ నాలుగు వాక్యాలు ఒకసారి పైకి అనుకుని చూడండి: "వాడు వచ్చాడురా", "వాడు వచ్చాడండి", "ఆయన వచ్చారురా", "ఆయన వచ్చారండి". నాలుగూ మనం రోజూ వాడేవే. రెండో వాక్యంలో వచ్చినవాడికి గౌరవం లేదు, వింటున్నవారికి ఉంది. మూడోది దానికి సరిగ్గా తిరగేసినట్టు ఉంటుంది. తమ్ముడితో నాన్నగారి గురించి చెబుతున్నామన్నమాట. అంటే "వచ్చారు"లోని "రు" ఒకరికి, చివరి "అండి" మరొకరికి. ఈ రెండూ ఒకదానితో ఒకటి ముడిపడి లేవు. మనం వీటిని ఎప్పుడూ తికమక పడం, ఎందుకంటే ఇవి రెండని మనకు ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ రాలేదు.

జపనీస్‌లో క్రియ చివర వచ్చే "మస్", నామవాచకం తర్వాత వచ్చే "దెస్" మన "అండి" చేసే పనే చేస్తాయి. అవి పూర్తిగా వింటున్నవారి కోసం. మీ గురించి చెప్పినా, కుక్క గురించి చెప్పినా, వర్షం గురించి చెప్పినా వినేవారితో చనువు లేకపోతే "మస్" ఉండాలి. దీన్ని వాళ్లు తేనేగొ అంటారు. మాటలో ఉన్న మనిషిని పైకెత్తే రూపాలు వేరే ఉన్నాయి, వాటి పేరు సొన్‌కేగొ. వెళ్లడం, రావడం, ఉండడం మూడింటికీ కలిపి "ఇరష్షరు", అనడానికి "ఒష్షరు", తినడానికి "మెషిఅగరు", చూడడానికి "గొరన్ ని నరు". మనకూ ఇలాంటి మాటలు కొన్ని ఉన్నాయి: విచ్చేశారు, సెలవిచ్చారు, ఆరగించారు. అయితే మనవి సభల్లో, ఆహ్వాన పత్రికల్లో, హరికథల్లో బతుకుతున్నాయి. వాళ్లవి ఆఫీసు ఫోనులో బతుకుతున్నాయి.

మూడోది కెన్‌జోగొ. ఇది తన పనిని తగ్గించి చెప్పుకునే రూపం. వెళ్లడానికి, రావడానికి "మైరు", ఉండడానికి "ఒరు", అనడానికి "మోసు", తినడానికీ తీసుకోవడానికీ "ఇతదకు", చూడడానికి "హైకెన్ సురు". తెలుగులో దీనికి దగ్గరగా "మనవి చేస్తున్నాను", "విన్నవించుకుంటున్నాను" లాంటివి ఉన్నాయి కానీ అర్జీల్లో తప్ప వాడం. మన రోజువారీ మాటలో మనల్ని మనం తగ్గించుకునే క్రియారూపం లేదు. కొత్తగా కట్టుకోవాల్సిన గది ఇదొక్కటే. మిగతా రెండూ మన ఇంట్లో ఉన్నవే.

అసలు తేడా క్రియ చివర ఉంది

తెలుగులో కర్త చెప్పకుండా మాట్లాడతాం. "ఎప్పుడు వస్తారు?" అంటే మీరని తెలుస్తుంది, "రేపు వస్తాను" అంటే నేనని తెలుస్తుంది. క్రియ చివరి అక్షరమే మనిషెవరో చెప్పేస్తుంది. గౌరవం కూడా ఆ అక్షరంలోనే కూర్చుంటుంది. ఉత్తమ పురుషలో గౌరవ రూపమే లేదు కాబట్టి, తనకు తాను గౌరవం ఇచ్చుకోవాలన్నా తెలుగు వ్యాకరణం మామూలు మాటలో ఒప్పుకోదు. మనం ఈ తప్పు చేయలేం, అందుకే దీని గురించి జాగ్రత్తపడటమూ నేర్చుకోలేదు.

జపనీస్ క్రియకు పురుష లేదు. "ఇకిమస్" అంటే వెళ్తాను, వెళ్తావు, వెళ్తారు, వెళ్తుంది, అన్నీ. అయినా వాళ్లు మనకంటే ఎక్కువగా కర్తను వదిలేసి మాట్లాడతారు. మరి ఎవరి గురించో ఎలా తెలుస్తుంది? చాలాసార్లు గౌరవ రూపమే చెబుతుంది. "ఇత్సు ఇరష్షైమస్ క" అంటే మీరెప్పుడు వస్తారు అని. "ఇత్సు మైరిమషో క" అంటే నన్నెప్పుడు రమ్మంటారు అని. రెండింటిలోనూ సర్వనామం లేదు, అక్కర్లేదు. అలాగే "ఒ-మొచి షిమస్" అంటే నేను మీకోసం మోసుకొస్తాను, "ఒ-మొచి ని నరిమస్" అంటే మీరు మోస్తారు. మన క్రియల చివర "ను", "రు" చేసే పనిలో పెద్ద భాగం అక్కడ గౌరవ రూపాలు చేస్తున్నాయి. అందుకే అక్కడ తప్పు పోతే మర్యాద ఒక్కటే చెడదు, అర్థం కూడా తారుమారవుతుంది. పై అధికారికి ఒక కాగితం ఇచ్చి "హైకెన్ షిమషిత క" అని అడిగితే ఆయన మొహంలో కనిపించేది కోపం కాదు, అయోమయం. ఎవరు చూశారని అడుగుతున్నావు అన్నట్టు ఉంటుంది. అక్కడ రావాల్సింది "గొరన్ ని నరిమషిత క".

ఈ గౌరవ రూపాలన్నిటినీ కలిపి కేగొ అంటారు. కేగొని అలంకారంగా కాకుండా క్రియ ప్రత్యయంలా చూడమని నా విద్యార్థులకు మొదటి రోజే చెబుతాను. పాఠ్యపుస్తకాల్లో ఇది మొదటి స్థాయి చివర్లో ఒక పట్టికగా వస్తుంది. ఎడమవైపు మామూలు క్రియ, మధ్యలో పెంచే రూపం, కుడివైపు తగ్గించే రూపం. పట్టిక బట్టీ పట్టినవారికి పరీక్షలో మార్కులు వస్తాయి కానీ ఫోను మోగితే నోరు రాదు. ఎందుకో ఇప్పుడు చూద్దాం.

ఎదుటివారి మాటను తిప్పి చెప్పడం

తెలుగులో ప్రశ్నకు జవాబు ఎలా చెబుతాం? అడిగిన క్రియనే తిప్పి చెబుతాం. "సార్ ఉన్నారా?" "లేరండి." "ఎప్పుడొస్తారు?" "మూడింటికి వస్తారండి." అడిగినవారు ఏ గౌరవంతో అడిగారో మనమూ అదే గౌరవంతో చెబుతాం. మూడో మనిషి విషయంలో ఇద్దరిదీ ఒకే స్థాయి. పైగా క్లయింటు "సార్ ఉన్నారా" అంటే మనం "లేడండి" అన్నామనుకోండి, వినేవారు ఉలిక్కిపడతారు.

జపనీస్‌లోనూ క్రియను తిప్పే చెబుతారు, కానీ రూపం మారుతుంది. నా దగ్గరికొచ్చే తెలుగువాళ్ల తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. చెవిలో పడ్డ రూపం నోట్లోంచి అలాగే బయటికొస్తుంది. మీ ఫోను సంభాషణ ఎలా నడిచి ఉంటుందో ఊహించి రాస్తాను. మేనేజరు పేరు తనక అనుకుందాం.

క్లయింటు అడుగుతారు: "తనక-సమ వ ఇరష్షైమస్ క." ఆయన మీ మనిషిని పైకెత్తారు, అది ఆయన చేయాల్సిన పని. మీరు చెప్పి ఉంటారు: "తనక-సాన్ వ ఇమ ఇరష్షైమసెన్." వ్యాకరణంలో ఒక్క అక్షరం తప్పు లేదు. కానీ వింటున్న ఆయనకు అది "మా గొప్పవారు ప్రస్తుతం లేరు" అన్నట్టు, ఆయన ముందు మీ వాళ్లను మీరే పొగుడుకున్నట్టు వినిపిస్తుంది. రావాల్సింది ఇది: "మోషివకె గొజైమసెన్. తనక వ తదైమ గైషుత్సు షితె ఒరిమస్." క్షమించాలి, తనక ప్రస్తుతం బయటికి వెళ్లి ఉన్నాడు. పేరు పక్కన ఏమీ లేదు, "ఇరు"కి బదులు తగ్గించే "ఒరు" వచ్చింది. చివర "మస్" మాత్రం ఉంది చూడండి. అది క్లయింటు కోసం, ఎక్కడికీ పోదు.

ఆయన వెంటనే అడుగుతారు: "నాన్-జి గొరొ ఒ-మొదొరి ని నరిమస్ క." ఎన్నింటికి తిరిగొస్తారని. ఇక్కడ ఉచ్చు ఇంకా బిగుస్తుంది, ఎందుకంటే "ఒ-మొదొరి ని నరిమస్" అన్నది తయారుగా చెవిలో ఉంది, దానికి "సాన్-జి ని" అని మూడు గంటలు తగిలిస్తే జవాబు అయిపోయినట్టే ఉంటుంది. కాదు. "సాన్-జి ని మొదొరు యొతే దె గొజైమస్" అనాలి. మామూలు "మొదొరు", మొత్తం వాక్యం చివర వినేవారి కోసం "గొజైమస్".

చివరికి ఆయన ఫోను చేశానని చెప్పమంటారు. జవాబు: "కషికొమరిమషిత. తనక ని మోషిత్సుతఎమస్." ఈ చివరి క్రియ ఎందుకు అదే కావాలో కాసేపట్లో చెబుతాను.

మొత్తం సంభాషణలో క్లయింటు మీ మేనేజరును పైకెత్తుతూనే ఉంటారు, మీరు దించుతూనే ఉంటారు. ఇద్దరూ ఒకే మనిషి గురించి మాట్లాడుతూ ఒకే క్రియను వాడకపోవడమే అక్కడ మర్యాద. బ్యాడ్మింటన్‌లో ఇద్దరూ ఒకే షటిల్‌ను కొట్టినా ఎవరి వైపు నుంచి వారు కొట్టినట్టు అనుకోండి.

అదే తనక, అదే లేకపోవడం, వినేవారు మారితే

ఇప్పుడు అదే మధ్యాహ్నం తనక గారి భార్య ఫోన్ చేశారనుకోండి. చాలామంది, ఆవిడ కూడా బయటి మనిషే కదా అని "తనక వ ఒరిమసెన్" అనేస్తారు. ఇది మొదటి తప్పుకంటే పెద్దది. ఆవిడకు ఆయన మీకంటే దగ్గరి మనిషి, కాబట్టి ఇప్పుడు ఆయన ఆవిడ వైపుకు వెళ్లిపోయారు. "తనక-సాన్ వ తదైమ గైషుత్సు షితె ఇరష్షైమస్" అనాలి, పేరు పక్కన సాన్ బదులు హోదా కూడా పెట్టొచ్చు. మీ గుంపు, బయటి గుంపు అని కంపెనీ గోడను బట్టి నేర్చుకున్నవారు ఇక్కడ దొరికిపోతారు. గీత కంపెనీ గోడ దగ్గర లేదు. వింటున్నవారిని బట్టి ప్రతి ఫోనుకూ కొత్తగా గీసుకోవాలి.

మూడో సందర్భం, పక్క సీటు సహోద్యోగి అడిగారు. అప్పుడు మీరిద్దరూ ఒకే వైపు, తనక గారు ఇద్దరికీ పైవారు. "తనక-కచో వ గైషుత్సు షితె ఇరష్షైమస్" అనొచ్చు, కొంచెం చనువున్న ఆఫీసుల్లో ఉత్త "ఇమస్" సరిపోతుంది. కచో అంటే సెక్షన్ హెడ్ అనుకోండి.

ఇక్కడ ఒక చిన్న విషయం చాలా పనికొస్తుంది. హోదా పేరు తర్వాత వస్తే అది గౌరవం: "తనక-కచో". పేరుకు ముందు వస్తే అది ఉత్త వివరం: "కచో నొ తనక". బయటివారికి మీ మేనేజరు హోదా చెప్పాలంటే రెండోదే వాడాలి. తెలుగులో "మేనేజరు తనక" అన్నా "తనక గారు, మేనేజరు" అన్నా మర్యాద "గారు" మీద ఆధారపడుతుంది, వరుస మీద కాదు. అందుకే ఇది మన చెవికి పట్టదు.

మనవాళ్లకు నిజంగా నోరు పెగలని చోటు ఫోను కాదు, పరిచయం. బయటి కంపెనీవారు వచ్చారు, మీ మేనేజరు మీ పక్కనే నిలబడి ఉన్నారు, మీరు పరిచయం చేయాలి. "కొచిర వ కచో నొ తనక దెస్" అనాలి. ఆయన వింటుండగా! నా దగ్గర నేర్చుకున్న ఒకతను, చాలా బాగా మాట్లాడేవాడు, ఇక్కడ మాత్రం ఏం చేసినా "సాన్" తగిలించేవాడు. "నియమం తెలుసండీ, ఎదురుగా ఉన్న మనిషిని ఏకవచనంలో అన్నట్టుంది" అనేవాడు. అతని ఇబ్బంది నిజమైనదే. మన దగ్గర పెద్దవారి ముందు వారి పేరు ఉత్తినే అనడం అంటే అవమానించడమే. అతనికి నేను చెప్పింది ఒక్కటే: నీ పేరు నువ్వు ఎలా చెప్పుకుంటావో అలా చెప్పు. "నేను ఫలానా గారిని" అనవు కదా. ఆ సమయంలో మీ ఇద్దరిదీ ఒకే "నేను". సాన్ లేకపోతే మేనేజరు నొచ్చుకోరు. ఉంటేనే నొచ్చుకుంటారు, ఎందుకంటే అతిథుల ముందు తన బృందానికి మాట తెలియదని బయటపడింది.

ఇంటివారి విషయమూ ఇంతే. మన దగ్గర "మా నాన్నగారు ఊళ్లో లేరండి" అనకపోతే పెంపకాన్ని తప్పుపడతారు. అక్కడ తండ్రిని ఎదురుగా "ఒతోసాన్" అని పిలిచినా, బయటివారితో చెప్పేటప్పుడు "చిచి" అంటారు. తల్లి "ఒకాసాన్", బయటికి "హహ". ఎదుటివారి తల్లిదండ్రుల గురించి అడిగేటప్పుడు మళ్లీ "ఒతోసాన్", "ఒకాసాన్".

తగ్గించడంలోనూ రెండు రకాలు

2007లో జపాన్ సాంస్కృతిక వ్యవహారాల మండలి కేగొకు మార్గదర్శకాలు ఇస్తూ, అప్పటిదాకా బళ్లలో మూడుగా చెబుతున్న విభజనను ఐదు చేసింది. ఐదూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఒక్క చీలిక మాత్రం నేర్చుకునేవారికి చాలా ఉపయోగం: కెన్‌జోగొను రెండు చేయడం.

మొదటి రకం, మీ పని ఎవరి వైపు వెళ్తుందో వారిని పైకెత్తుతుంది. "ఉకగౌ" అంటే మీరు ఒకరి దగ్గరికి వెళ్లడం, ఆ ఒకరు గౌరవించదగ్గవారు కావాలి. గురువు దగ్గరికైతే "ఉకగైమస్" అనొచ్చు. తమ్ముడి దగ్గరికి "ఉకగైమస్" అంటే తమ్ముణ్ని పైకెత్తినట్టు, అది కుదరదు. రెండో రకం, వింటున్నవారి ముందు మీ పనిని వినయంగా చెప్పడం మాత్రమే. "మైరు" ఆ రకం. తమ్ముడి దగ్గరికి వెళ్తున్నానని క్లయింటుతో చెప్పాలంటే "మైరిమస్" చక్కగా సరిపోతుంది, గౌరవం క్లయింటుకు చేరుతుంది, తమ్ముడు తమ్ముడిగానే ఉంటాడు.

ఇప్పుడు ఫోనులోని ఆ చివరి క్రియకు వద్దాం. "ఒ-త్సుతఎ షిమస్" అంటే చెబుతాను అనే అర్థమే, కానీ మొదటి రకం. ఎవరికి చెబుతున్నారో వారిని, అంటే మీ తనకను, పైకెత్తుతుంది. క్లయింటుతో అది పనికిరాదు. "మోషిత్సుతఎమస్" రెండో రకం, వింటున్న క్లయింటుకే మర్యాద. తనక గారి భార్యతో మాట్లాడుతున్నప్పుడైతే "ఒ-త్సుతఎ షిమస్" హాయిగా అనొచ్చు. పాఠ్యపుస్తకం ఈ రెండింటినీ ఒకే గడిలో పక్కపక్కన పెడితే, ఏది ఎక్కడో తెలియక విద్యార్థి పొడవుగా ఉన్నదాన్ని మర్యాద అనుకుని ఎంచుకుంటాడు.

పొడవు మాట వచ్చింది కాబట్టి: ఒకే క్రియకు రెండు గౌరవ రూపాలు తొడగడం మరో అలవాటు. "ఒష్షరు" ఇప్పటికే గౌరవ రూపం, దానికి మళ్లీ "రరెరు" చేర్చి "ఒష్షరరెరు" అనడం తప్పు. జపాన్‌వాళ్లూ ఈ తప్పు చేస్తారు. ఏప్రిల్‌లో కొత్తగా చేరిన ఉద్యోగులకు కంపెనీలు ఫోను మాటలు ప్రత్యేకంగా నేర్పించేది ఊరికే కాదు. వాళ్లూ ఇంట్లో పుట్టి నేర్చుకున్నది "మస్" వరకే, మిగతాది ఉద్యోగంలో నేర్చుకున్నదే. కాబట్టి టెన్షన్ కొంచెం తగ్గించుకోవచ్చు.

"మీరు" కోసం వెతక్కండి

నువ్వు, మీరు తెలిసిన మనకి అని అడిగారు. ఆ తెలివే ఇక్కడ అడ్డం. మన దగ్గర, ఫ్రెంచ్‌లో, ఇంకా చాలా యూరప్ భాషల్లో గౌరవం సర్వనామంలో మొదలవుతుంది, బహువచనమే మర్యాద అవుతుంది. అందుకని నిఘంటువులో "మీరు"కి జపనీస్ వెతికి "అనత" పట్టుకుంటాం. పై అధికారినో క్లయింటునో "అనత" అంటే మొహం మీద వేలు చూపించినట్టు ఉంటుంది. అది ఎవరో తెలియని పాఠకుణ్ని ఉద్దేశించే ప్రకటనల్లో, సర్వే ఫారాల్లో కనిపిస్తుంది, కొన్ని ఇళ్లలో భార్య భర్తను పిలిచేటప్పుడు వినిపిస్తుంది. మీ ఆఫీసులో దాని అవసరం లేదు. పేరు, సాన్ లేదా హోదా వాడండి, లేదా ఏమీ వాడకుండా క్రియకు వదిలేయండి. ముందే చెప్పాను కదా, "ఇరష్షైమస్ క" అన్నాక మళ్లీ "మీరు" అనే మాటకు పని లేదు.

తేలనప్పుడు ఏం చేయాలి

అన్నిచోట్లా గీత స్పష్టంగా ఉండదు. కంపెనీ అధ్యక్షుడితో మీ సెక్షన్ హెడ్ గురించి మాట్లాడాలి. ముగ్గురూ ఒకే కంపెనీ, కానీ వినేవారు, మాటలో ఉన్న మనిషికంటే పెద్ద. పెంచాలా, దించాలా? ఇక్కడ జపాన్‌వాళ్లే తటపటాయిస్తారు, ఆఫీసుకో అలవాటు ఉంటుంది. నా సలహా: పెంచొద్దు, దించొద్దు. మామూలు క్రియకు "మస్" పెట్టి వదిలేయండి, "కచో వ గైషుత్సు షితె ఇమస్" అని. వింటున్నవారికి ఇవ్వాల్సింది ఇచ్చారు, మూడో మనిషి విషయంలో ఏ పక్షమూ తీసుకోలేదు. క్లయింటు విషయంలో కూడా, రూపం గుర్తురాక నోరు తడబడితే "తనక వ ఇమ ఇమసెన్" అనడం, "తనక-సాన్ వ ఇరష్షైమసెన్" అనడంకంటే నయం. మొదటిది కొంచెం మొరటుగా ఉంటుంది అంతే. రెండోది తప్పు వైపు గీత గీస్తుంది. ముందు "సాన్" తీసేయడం నేర్చుకోండి, "ఒరిమస్" తర్వాత వస్తుంది.

తప్పు పోయిందని ఎలా తెలుస్తుంది? బయటివారు దిద్దరు. దిద్దడం వాళ్లకు మొరటుతనం. కాబట్టి జవాబులో వెతకండి. అర్థం తారుమారైన చోట చిన్న విరామం వచ్చి, వాళ్లు కర్తను బయటికి చెప్పి మళ్లీ అడుగుతారు, "తనక-సమ గ, దెస్ క" అన్నట్టు. మామూలుగా వదిలేసే కర్తను ఎవరైనా పనిగట్టుకుని పలికారంటే మీ క్రియ ఎవరిదో వాళ్లకు అర్థం కాలేదని. మర్యాద మాత్రమే చెడితే ఏ గుర్తూ ఉండదు. దానికి మీ పక్క సీటు ఆవిడ లాంటివారే దిక్కు, ఆవిడను వదులుకోకండి.

సాధనకు పట్టిక పక్కన పెట్టి జంటలుగా చదవండి, ప్రశ్న ఒకరు, జవాబు ఒకరు. "మెషిఅగరిమస్ క" అంటే "హై, ఇతదకిమస్". మీకు తెలుసా అని "గొ-జొన్‌జి దెస్ క" అంటే "హై, జొన్‌జితె ఒరిమస్". "గొరన్ ని నరిమషిత క" అంటే "హై, హైకెన్ షిమషిత". "తనక-సమ వ ఇరష్షైమస్ క" అంటే "తనక వ గైషుత్సు షితె ఒరిమస్". ఎదుటివారి రూపం చెవిన పడగానే దాన్ని తిప్పి చెప్పకుండా దాని జంట నోటికి రావాలి. పట్టికలో ఎన్ని ఉన్నా మీ ఫోనుకు ఈ నాలుగైదు జంటలతో చాలా రోజులు గడిచిపోతాయి.

ఇంకొక్క మాట, మీలాంటివారు తరచూ జపనీస్‌తో పాటు కొరియన్ కూడా మొదలుపెడతారు కాబట్టి. కొరియన్‌లోనూ రెండు చోట్లు విడివిడిగానే ఉన్నాయి. వాక్యం చివర "యొ" వినేవారికి, క్రియ మధ్యలో "షి" మాటలో ఉన్న మనిషికి. మన "అండి", "రు" లాగే అన్నమాట. కానీ గీత గీసే పద్ధతి మాత్రం జపాన్‌ది కాదు, మనకు దగ్గరగా ఉంటుంది. బయటివారు ఫోన్ చేసినా తమ అధ్యక్షుణ్ని "సజాంగ్-నిమ్" అనే అంటారు, గౌరవ క్రియతోనే లేరని చెబుతారు. తాతగారి ముందు తండ్రిని తగ్గించి చెప్పే పాత నియమం ఒకటి ఉంది, అది ఇప్పుడు సడలిపోయింది. అంటే జపనీస్ ఆఫీసులో కష్టపడి వదిలించుకున్న తెలుగు అలవాటే కొరియన్ ఆఫీసులో సరైనది. రెండూ కలిపి చదివేవారు ఒకదానిలో ఫోను మాటలు గట్టిపడే వరకు రెండోదానిలో అక్షరాలు, మామూలు వాక్యాల దగ్గరే ఆగడం మంచిది.